కాలేయంలో నిద్రపోయే మలేరియా

దోమ కుట్టకుండానే మలేరియా మళ్లీ రావచ్చు. మన ఊళ్లలో కనిపించే రెండు ప్రధాన రకాల్లో వైవాక్స్‌కు ఈ గుణం ఉంది. ఫాల్సిపారమ్‌కు లేదు.

విశాఖపట్నంలో 60 కిలోల బరువున్న ఒక వెల్డర్ ఉన్నాడనుకుందాం. చలిజ్వరం వస్తే రక్తం పరీక్ష చేశారు, వైవాక్స్ అని తేలింది. మూడు రోజులు క్లోరోక్విన్ మింగాడు, జ్వరం దిగింది, పనిలోకి వెళ్లాడు. నెలన్నర తిరక్కుండా మళ్లీ అదే వణుకు. క్లోరోక్విన్ తన పని తాను చేసింది. రక్తంలో ఉన్న క్రిములన్నిటినీ చంపింది. కానీ దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగిన క్రిములు మొదట చేరేది కాలేయానికి. వాటిలో కొన్ని అక్కడ పెరిగి రక్తంలోకి వస్తాయి. మరికొన్ని ఎదగకుండా, కాలేయ కణంలోనే ముడుచుకుని పడుకుంటాయి. వీటినే హిప్నోజాయిట్లు అంటారు. వారాలకో నెలలకో మేల్కొని రక్తంలోకి దిగుతాయి. చలి ఎక్కువగా ఉండే దేశాల్లో కొన్ని రకాలు ఏడాది దాకా కూడా ఆగుతాయి. కాలేయంలో వీటిని కళ్లతో చూడగలిగింది 1980 ప్రాంతంలోనే.

నిద్రలో ఉన్నప్పుడు ఇవి ఏ రక్తపరీక్షకూ దొరకవు. అందుకే వైవాక్స్ వచ్చిన ప్రతివారి కాలేయంలోనూ అవి ఉండవచ్చనే లెక్కతో ప్రైమాక్విన్ ఇస్తారు. మన దేశంలో వాడుకలో ఉన్న మోతాదు కిలో బరువుకు రోజుకు 0.25 మిల్లీగ్రాములు, 14 రోజులు. మన వెల్డర్‌కైతే రోజుకు 15 మిల్లీగ్రాములు. జ్వరం తగ్గాక రెండు వారాలు మాత్రలు మింగడం ఎవరికైనా కష్టమే. సగంలో మానేస్తే నిద్రపోయే క్రిములు మిగిలిపోతాయి.

అయితే కొందరికి ఈ మందే ప్రమాదం. అదెందుకో తేలిన తీరు తెలుసుకోదగ్గది. 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో స్టేట్‌విల్ జైలు ఖైదీల మీద ఈ మందును పరీక్షించారు. ఖైదీల మీద అలాంటి ప్రయోగాలు చేయడం నాకు మింగుడుపడని విషయం, కానీ మనకున్న జ్ఞానం అక్కడి నుంచే వచ్చింది. మందు పడనివారి ఎర్రకణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, మందు పడేవారికి ఎక్కించారు. ఆపైన ప్రైమాక్విన్ ఇస్తే ఆ ఎక్కించిన కణాలు మాత్రమే పగిలిపోయాయి. తిరగేసి చేస్తే, మందు పడనివారి ఒంట్లో కూడా ఇతరుల కణాలు క్షేమంగా ఉన్నాయి. లోపం ఎర్రకణంలోనే ఉందని దాంతో తెలిసింది. 1956లో అది ఏ లోపమో బయటపడింది: జీ6పీడీ అనే ఎంజైమ్ చాలకపోవడం. ప్రైమాక్విన్ ఎర్రకణంలో కలిగించే ఆక్సీకరణను తట్టుకునే శక్తి ఈ ఎంజైమ్ వల్లే వస్తుంది. ఇతర కణాలకు వేరే దారులు ఉన్నాయి కానీ ఎర్రకణానికి ఇదొక్కటే దిక్కు. కణం ముసలిదవుతున్న కొద్దీ ఎంజైమ్ తరుగుతుంది, అందుకే ముందు పగిలేవి పాత కణాలు.

ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే కాబట్టి, లోపం తల్లి నుంచి వస్తే పూర్తిగా కనిపిస్తుంది. ఆడవారిలో కొన్ని కణాలకు ఎంజైమ్ ఉండి, కొన్నిటికి లేకుండా ఉండవచ్చు. 'ఉంది, లేదు' అని మాత్రమే చెప్పే సాధారణ పరీక్షలో ఇలాంటి స్త్రీ మామూలుగానే తేలిపోవచ్చు. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారికీ, ఎర్రకణాలు అప్పుడే పగిలినవారికీ పరీక్ష తప్పుగా బాగుందని చూపవచ్చు. దాత కణాల్లోనూ, కొత్తగా పుట్టిన కణాల్లోనూ ఎంజైమ్ ఎక్కువగా ఉండటమే కారణం. అలాంటప్పుడు కొన్ని నెలలు ఆగి మళ్లీ చూడాలి.

మన వెల్డర్‌కు లోపం ఉందని తేలితే, రోజువారీ మందుకు బదులు వారానికి ఒక్కసారి కిలోకు 0.75 మిల్లీగ్రాముల లెక్కన, అంటే 45 మిల్లీగ్రాములు, ఎనిమిది వారాలు వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వవచ్చు. మొత్తం మందు 210కి బదులు 360 మిల్లీగ్రాములవుతుంది. అయినా పగిలిన కణాల స్థానంలో కొత్తవి పుట్టేందుకు ప్రతిసారీ వారం గడువు దొరుకుతుంది.

పరీక్ష దొరకని చోట మందు మొదలైతే మొదటి వారం మూత్రం రంగు గమనించాలి. అది కోలా రంగుకు తిరిగినా, కళ్లు పచ్చబడినా, పెదవులు నీలిరంగు తేలినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణికి మాత్రం తనకు లోపం లేకపోయినా ప్రైమాక్విన్ ఇవ్వరు, కడుపులోని బిడ్డకు ఆ ఎంజైమ్ ఉందో లేదో తెలియదు కనుక. ప్రసవం తర్వాత ఆమె ఆ మందు వేసుకోవాలంటే, పాలు తాగే బిడ్డకూ జీ6పీడీ పరీక్ష చేయించాలి.