శ్రవణం నుంచి వెనక్కి లెక్క

తిరుమల బ్రహ్మోత్సవాల తేదీలు ఏటా మారుతుంటాయి. వాటి లెక్క మాత్రం మారదు. అది మొదటి రోజు నుంచి కాక చివరి రోజు నుంచి మొదలవుతుంది.

శ్రీవారి జన్మనక్షత్రం శ్రవణం. సూర్యుడు కన్యారాశిలో ఉండగా, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు, చంద్రుడు శ్రవణానికి చేరే రోజును పంచాంగంలో ముందుగా చూస్తారు. పుష్కరిణిలో చక్రస్నానం ఆ రోజే. అక్కడి నుంచి తొమ్మిది రోజులు వెనక్కి లెక్కిస్తే ధ్వజారోహణం తేదీ వస్తుంది. దాని ముందురోజు సాయంత్రం అంకురార్పణ చేస్తారు.

2024 సంగతి చూడండి. ఆ ఏడాది కన్యామాసంలో శ్రవణం అక్టోబరు 12న, విజయదశమినాడు వచ్చింది. కాబట్టి ధ్వజారోహణం అక్టోబరు 4న, అంకురార్పణ 3న జరిగాయి. చంద్రుడు సుమారు రోజుకో నక్షత్రం దాటుతాడు గనుక, శ్రవణానికి ఎనిమిది నక్షత్రాల ముందున్న చిత్త ధ్వజారోహణం రోజున పడింది.

గరుడుడి బొమ్మ ఉన్న పతాకాన్ని ధ్వజస్తంభంపై ఎగరేయడమంటే దేవతలందరినీ ఉత్సవానికి పిలవడమే. చివరి సాయంత్రం దాన్ని దించి వారికి వీడ్కోలు పలుకుతారు.

అధికమాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. 2023లో సాలకట్ల ఉత్సవాలు సెప్టెంబరు 18 నుంచి 26 వరకు, నవరాత్రి ఉత్సవాలు అక్టోబరు 15 నుంచి 23 వరకు సాగాయి. నవరాత్రి బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం ఉండదు.