మూడేళ్ల రాజధాని

ముందు ప్రశ్న. స్వతంత్ర భారతదేశంలో భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రానికి తొలి రాజధాని ఏది?

అ) మద్రాసు   ఆ) గుంటూరు   ఇ) కర్నూలు   ఈ) హైదరాబాదు

కిందికి చదివే ముందు మనసులో ఒకటి అనేసుకోండి. చాలామంది హైదరాబాదు దగ్గరే ఆగిపోతారు. పొట్టి శ్రీరాములు అనగానే ఆంధ్రప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ అనగానే హైదరాబాదు గుర్తుకు రావడం మనకు అలవాటైపోయింది. కానీ ఆయన మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న కన్నుమూసేనాటికి హైదరాబాదు వేరే రాష్ట్రం. దీక్ష జరిగింది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల కోసం.

మద్రాసు అన్నవారిది మరీ తప్పు ఊహ కాదు. ఆ నగరం తమకే దక్కాలని ఆంధ్ర నాయకులు పట్టుబట్టారు. అయితే డిసెంబర్ 19న లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించిన నెహ్రూ, అందులో మద్రాసు నగరం ఉండదని కూడా తేల్చేశారు.

ఇక జవాబు కర్నూలు. 1953 అక్టోబర్ 1న 11 జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం అక్కడే మొదలైంది. ప్రారంభానికి నెహ్రూ వచ్చారు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. ఊళ్లో సరిపడా భవనాలు లేక కొన్ని ఆఫీసులకు డేరాలు వేయాల్సి వచ్చింది.

మరి అంత ఇబ్బంది పడి కర్నూలే ఎందుకు? దానికి కారణం 16 ఏళ్ల కిందటి మాట. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. కలిసి రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట పెట్టకూడదు. ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు. ఏది కావాలో ముందు ఎంచుకునే హక్కు సీమది. సీమ రాజధానిని తీసుకుంది. హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో మొదలైంది. గుంటూరును ఆప్షన్లలో పెట్టింది అందుకే. సగం తెలిసినవారు పడేది అక్కడే.

హైదరాబాదు వంతు 1956 నవంబర్ 1న వచ్చింది. తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజధానితో పాటు హైకోర్టు కూడా అక్కడికే వెళ్లింది. కర్నూలు రాజధానిగా ఉన్నది మూడేళ్ల ఒక నెల.

ఈ ప్రశ్నను మీరు ఎవరినైనా అడిగేటప్పుడు 'స్వతంత్ర' అన్న మాట మాత్రం మింగేయకండి. అది తీసేస్తే ఒడియా మిత్రులు వెంటనే అడ్డుపడతారు. భాష ఆధారంగా ఒరిస్సా ప్రాంతం 1936 ఏప్రిల్ 1నే, ఇంగ్లిషువాళ్ల కాలంలోనే ఏర్పడింది.