నాండ్ గేటులో నాలుగు, చిక్కు గేటులో ఆరు

నాండ్ గేటు చేసే పని చాలా చిన్నది. దానికి A, B అని రెండు ఇన్‌పుట్లు ఉంటాయి. రెండూ 1 అయినప్పుడే అవుట్‌పుట్ 0 అవుతుంది, మిగతా మూడు సందర్భాల్లోనూ 1. కంప్యూటర్ చేసే తార్కిక పనులన్నిటినీ ఈ ఒక్క రకం గేట్లతోనే కట్టవచ్చని ఇంజనీరింగ్ విద్యార్థులకు మొదటి ఏడాదుల్లోనే చెబుతారు. కానీ చిప్పు లోపల నిజంగా ఉండేవి నాలుగు ట్రాన్సిస్టర్లు, వాటిని కలిపే తీగలు మాత్రమే. ఆ నాలుగింటిని ఎందుకు అలా అమర్చారో తెలిస్తే, అంతకంటే చిక్కైన గేటును కూడా మనమే కాగితం మీద గీసుకోవచ్చు.

ఇందుకు ట్రాన్సిస్టర్‌ను స్విచ్‌గా చూస్తే చాలు. ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్ తన ఇన్‌పుట్ 1 అయితే ఆన్ అవుతుంది. పీమాస్ దానికి సరిగ్గా వ్యతిరేకం, ఇన్‌పుట్ 0 అయితేనే ఆన్ అవుతుంది. ఈ రెండు రకాలనూ జోడుగా వాడే పద్ధతే సీమాస్. 1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో ఫ్రాంక్ వాన్లాస్, చి-టాంగ్ సా దీన్ని ప్రకటించారు. గేటు మారకుండా ఊరికే ఉన్నంతసేపూ అది దాదాపు కరెంటే తీసుకోదన్నది అందులోని గొప్ప సంగతి. అదెలా సాధ్యమో నాండ్ గేటులోనే కనిపిస్తుంది.

బొమ్మలో పైన సరఫరా తీగ, అంటే 1. కింద గ్రౌండ్, అంటే 0. మధ్యలో అవుట్‌పుట్ Y. అవుట్‌పుట్‌ను గ్రౌండ్‌కు లాగే కింది భాగాన్ని పుల్-డౌన్ నెట్‌వర్క్ అంటారు, సరఫరా వైపు లాగే పై భాగాన్ని పుల్-అప్ నెట్‌వర్క్ అంటారు. నాండ్‌లో A, B రెండూ 1 అయితేనే Y కిందికి రావాలి. కాబట్టి కింద రెండు ఎన్‌మాస్‌లను ఒకదాని వెనుక ఒకటి, శ్రేణిలో పెడతాం. ఒకే కాలువ మీద రెండు తూములు వరుసగా ఉంటే రెండూ ఎత్తితేనే కదా నీళ్లు పారేది, ఇదీ అంతే. పైన మాత్రం రెండు పీమాస్‌లను పక్కపక్కన, సమాంతరంగా పెడతాం. A గానీ B గానీ 0 అయితే ఏదో ఒక పీమాస్ ఆన్ అయి Yని 1కి చేరుస్తుంది.

ఇప్పుడు నాలుగు సందర్భాలూ చూడండి. రెండూ 1 అయితే కింది దారి తెరుచుకుంటుంది, పై దారులు రెండూ మూసుకుంటాయి. మిగతా మూడింటిలో కింది దారి మూసి ఉంటుంది, పైన కనీసం ఒక దారి తెరిచి ఉంటుంది. సరఫరా నుంచి గ్రౌండ్ దాకా ఒకేసారి దారి తెరుచుకునే సందర్భమే లేదు. కరెంటు ఖర్చు కాకపోవడానికి కారణం ఇదే. మారుతున్న క్షణంలో కొంత ఖర్చవుతుంది, ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ల నుంచి కాస్త కారుతుంది కూడా. చిన్న ట్రాన్సిస్టర్ల కాలంలో ఆ కారడమూ ఇంజనీర్లకు పెద్ద తలనొప్పే అయింది.

ఎన్‌మాస్‌లనే పైన పెడితే ఏమవుతుందన్న సందేహం చాలామంది విద్యార్థులకు వస్తుంది. ఎన్‌మాస్ ఆన్‌లో ఉండాలంటే దాని ఇన్‌పుట్ వోల్టేజీ, అది పైకి లాగుతున్న Y వోల్టేజీ కంటే కొంత ఎక్కువగా ఉండాలి. ఆ కొంతనే థ్రెషోల్డ్ అంటారు. సరఫరా 1.8 వోల్టులు, థ్రెషోల్డ్ 0.45 వోల్టులు అనుకుందాం. Y పెరుగుతూ 1.35 దగ్గరికి వచ్చేసరికి ఎన్‌మాస్ తనంతట తాను ఆఫ్ అవుతుంది. నిజమైన చిప్పులో ఇంకాస్త ముందే ఆగిపోతుంది. అంటే మనకు దక్కేది బలహీనమైన 1. పీమాస్‌ను కింద పెడితే అలాగే బలహీనమైన 0 వస్తుంది. అందుకే పీమాస్ పైన, ఎన్‌మాస్ కింద. దీనివల్ల ఇన్‌పుట్ 1 అయితే Y కిందికే దిగగలదు, పైకి ఎక్కలేదు. ఒకే అంచెలో కట్టిన సీమాస్ గేటు ఎప్పుడూ తలకిందుల జవాబే ఇస్తుంది. అందుకే నాండ్‌కు నాలుగు ట్రాన్సిస్టర్లు చాలు గానీ, మామూలు అండ్ గేటుకు వెనక ఒక ఇన్వర్టర్ తగిలించి ఆరు వాడాలి.

ఇక చిక్కు గేటు. మనకు కావలసింది ఇది:

```
Y = (A·B + C)'
```

A, B రెండూ 1 అయినా, C ఒక్కటి 1 అయినా Y 0 కావాలి. దీన్ని చిన్న గేట్లతో కడితే నాండ్‌కు నాలుగు, ఇన్వర్టర్‌కు రెండు, నార్‌కు నాలుగు, మొత్తం పది ట్రాన్సిస్టర్లు పడతాయి. సంకేతం మూడు అంచెలు దాటాలి. ఒకే అంచెలో కడితే ఆరు చాలు.

ఎప్పుడూ కింది భాగం నుంచి మొదలుపెట్టాలి. A, B ఎన్‌మాస్‌లు శ్రేణిలో, ఆ జంటకు సమాంతరంగా C. అక్కడితో ఆలోచించాల్సిన పని అయిపోయినట్టే. పై భాగానికి నియమం ఒక్కటే: కింద శ్రేణిలో ఉన్నవి పైన సమాంతరం, కింద సమాంతరంగా ఉన్నవి పైన శ్రేణి. కాబట్టి A, B పీమాస్‌లు పక్కపక్కన, ఆ జంటతో శ్రేణిలో C. A=0, B=0, C=1 పెట్టి చూడండి. కింద C ద్వారా దారి ఉంది. పైన A, B పీమాస్‌లు ఆన్‌లోనే ఉన్నా C పీమాస్ ఆఫ్ కావడంతో దారి తెగింది. Y నికరంగా 0.

ఈ తిరగవేయడం మరిచిపోయి, కింద ఉన్న ఆకారాన్నే పైనా గీయడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. ఇది దొరకడం కష్టం, ఎందుకంటే మొత్తం ఎనిమిది సందర్భాల్లో ఆరింటికి సరైన జవాబే వస్తుంది. తప్పేది రెండింటిలోనే. మొదటిది ఇందాకటి 0, 0, 1. పైన A, B పీమాస్‌లు శ్రేణిలో ఆన్, కింద C ఆన్. సరఫరా నుంచి గ్రౌండ్‌కు నేరుగా దారి పడింది. రెండోది 1, 1, 0. పైన C, కింద A, B ఆన్. ఈ రెండు చోట్లా Y 0 కాదు, 1 కాదు, మధ్యలో ఎక్కడో వేలాడుతుంది. సిమ్యులేషన్‌లో Yని మాత్రమే కాక సరఫరా కరెంటును కూడా గమనిస్తే తప్పు తెలిసిపోతుంది. మార్పు ముగిశాక ఆ కరెంటు దాదాపు సున్నాకు పడిపోవాలి. అలా పడకుండా నిలిచిపోయిందంటే రెండు భాగాలూ ఒకేసారి ఆన్‌లో ఉన్నట్టే.

చివరిగా వెడల్పులు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ల కంటే హోల్స్ మెల్లగా కదులుతాయి, అందువల్ల ఎన్‌మాస్‌కు సమానమైన బలం కోసం పీమాస్‌ను సుమారు రెండింతలు వెడల్పు చేస్తారు. శ్రేణిలో రెండు ఉంటే నిరోధం కూడుతుంది కనుక అక్కడా వెడల్పు రెట్టింపు చేయాలి. నాండ్‌లో ఈ రెండు లెక్కలూ కలిసివచ్చి నాలుగు ట్రాన్సిస్టర్లకూ వెడల్పు 2 సరిపోతుంది. మన చిక్కు గేటులో పై దారి ప్రతిదానిలోనూ రెండేసి పీమాస్‌లు ఉన్నాయి, కాబట్టి మూడింటికీ 4. కింద A, Bలకు 2, Cకి 1. అంటే A ఇన్‌పుట్ మోయించే బరువు 4, 2 కలిపి 6. ఇన్వర్టర్ మోయించేది 3. ట్రాన్సిస్టర్లు తగ్గించుకున్నందుకు దాని ముందున్న గేటు మీద ఈ భారం పడుతుంది. శ్రేణిలో మూడు, నాలుగు దాటితే గేటు బాగా నెమ్మదిస్తుంది, అప్పుడు విడగొట్టి కట్టడమే మేలు.

మీరే ఒకటి గీసి చూడండి: `Y = ((A+B)·C)'`. ముందు కింది భాగం, తర్వాత దాన్ని తిరగవేసి పై భాగం, ఆపైన ఎనిమిది సందర్భాలూ ఒక్కటి కూడా వదలకుండా సరిచూడండి. దీనికీ ఆరు ట్రాన్సిస్టర్లే పడతాయి.