పెచ్చు రాలేదాకా: ఎంపాక్స్ పొక్కును ఎలా పోల్చుకోవాలి?

2022 జులైలో కువైట్ నుంచి కామారెడ్డి జిల్లాకు తిరిగొచ్చిన ఒకాయనకు జ్వరం వచ్చింది. ఆ వెనకే ఒంటి మీద పొక్కులు లేచాయి. అంతకు కొద్దిరోజుల ముందే, జులై 14న, దేశంలో మొదటి ఎంపాక్స్ కేసు కేరళలోని కొల్లంలో బయటపడింది. ఆ రోగీ గల్ఫ్ నుంచి వచ్చినవాడే. ఇంకేముంది, కామారెడ్డి ఆయన్ని హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రికి తరలించారు, నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపారు. టీవీలు హోరెత్తించాయి. చివరికి ఎంపాక్స్ కాదని తేలింది. ఆ రోజుల్లోనే విజయవాడ, గుంటూరుల్లోనూ పిల్లల ఒంటి మీది పొక్కులు చూసి ఇదే అనుమానపడ్డారు. అక్కడా ఫలితం నెగెటివే.

అనుమానపడ్డ డాక్టర్లది తప్పేమీ లేదు. జ్వరం, నీటిపొక్కులు, ఈమధ్యే చేసిన ప్రయాణం, మూడూ కలిసినప్పుడు అనుమానించి తీరాలి. కానీ మన ఊళ్లలో ఏటా ఎండలు ముదిరే ముందు కనిపించే నీటిపొక్కుల జబ్బు మరొకటుంది. ఆటలమ్మ అంటాం, అమ్మవారు పోసిందంటాం, డాక్టరు చికెన్‌పాక్స్ అని రాస్తాడు. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. ఎంపాక్స్ వైరస్ మశూచి వైరస్ కుటుంబంలోది. ఆటలమ్మది హెర్పిస్ కుటుంబం, పెద్దయ్యాక నడుము చుట్టూ మంటపెడుతూ వచ్చే సర్పికి కారణమూ అదే. కుటుంబాలు వేరైనా పైకి చూస్తే పొక్కులు పొక్కుల్లాగే ఉంటాయి. అందుకే ఒక్క పొక్కును చూసి తేల్చడానికి అనుభవజ్ఞుడైన చర్మవైద్యుడు కూడా తొందరపడడు. దాని పక్కనున్న పొక్కుల్నీ చూస్తాడు, అది ఎన్నాళ్లుగా ఉందో అడుగుతాడు.

ముందు ఎంపాక్స్ పొక్కు నడక చూద్దాం. వైరస్ ఒంట్లో చేరాక మొదటి లక్షణం కనిపించడానికి సాధారణంగా వారం, రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు వారాలు కూడా. పాత పద్ధతిలో వచ్చే జబ్బయితే మొదట జ్వరం, తలనొప్పి, నడుంనొప్పి, లేవలేనంత నీరసం ఉంటాయి. దాంతోపాటు మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్లలు కడతాయి. ఈ బిళ్లలు గట్టి ఆధారం. ఆటలమ్మలో ఇవి ఇంతగా ఉబ్బడం అరుదు. జ్వరం వచ్చిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో పొక్కుల వంతు మొదలవుతుంది.

తొలి జాడ తరచూ నోట్లో, నాలుక మీద పుండులా కనిపిస్తుంది. తర్వాత చర్మం మీద చదునైన ఎర్రమచ్చ పడుతుంది. నల్లని ఒంటి మీద ఆ ఎరుపు పోల్చుకోవడం కష్టం, కాస్త ముదురు మచ్చలాగే ఉంటుంది. ఒకట్రెండు రోజుల్లో మచ్చ పైకి లేచి గట్టి కాయలా తగులుతుంది. మరో ఒకట్రెండు రోజులకు అందులో తేటనీరు చేరుతుంది. ఆ తర్వాత నీరు చిక్కబడి తెల్లగా, పసుపుగా మారుతుంది. ఇదే చీముపొక్కు దశ, ఐదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. డాక్టరు ఎక్కువగా గుర్తుపట్టేది ఇక్కడే. గ్లౌజు వేసుకున్న వేలితో తాకితే ఆ పొక్కు తోలు కింద శనగగింజ పెట్టి కుట్టినట్టు గట్టిగా, లోతుగా పాతుకుని ఉంటుంది. గుండ్రంగా, అంచులు స్పష్టంగా ఉంటాయి. చాలావాటికి నడిమధ్య చిన్న గుంట పడుతుంది. చూడ్డానికి చీములా ఉన్నా లోపల ఉండేది చాలావరకు గట్టి కణజాలమే, అందుకే గిల్లినా అది సాఫీగా కారిపోదు. గిల్లితే నష్టం రోగికే. పుండు పెద్దదవుతుంది, బాక్టీరియా చేరుతుంది, గుంటమచ్చ మిగులుతుంది.

రెండో వారం చివరికి నడిగుంట దగ్గర మొదలై పొక్కు ఎండిపోతుంది, పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు రాలడానికి మరో వారం, ఒక్కోసారి రెండు వారాలు. మొత్తం తతంగం రెండు నుంచి నాలుగు వారాలు. మొదట్లో ఈ పొక్కులు మండుతాయి, నొప్పి పెడతాయి. పెచ్చు కట్టే దశలోనే దురద మొదలవుతుంది.

ఆటలమ్మ ఇంత నెమ్మది కాదు. ఎర్రమచ్చ, కాయ, నీటిపొక్కు, పెచ్చు అన్నీ ఒక్కో పొక్కులో రోజూ రెండురోజుల్లోనే గడిచిపోతాయి. పొక్కు చర్మం పైపొరలోనే పలచగా ఉంటుంది, టవల్ రాసుకుంటే చాలు చితికిపోతుంది. మొదటిరోజు నుంచే దురద ప్రాణం తీస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన తేడా మరొకటుంది. ఆటలమ్మ విడతలు విడతలుగా పోస్తుంది. పిల్లాడి చొక్కా విప్పి ఛాతీ మీద అరచేయంత చోటు చూడండి, ఒక పొక్కు ఇప్పుడే ఎర్రబడుతుంటుంది, దాని పక్కది నీటితో మెరుస్తుంటుంది, ఆ పక్కది అప్పుడే పెచ్చు కట్టేసి ఉంటుంది. పాతకాలపు ఎంపాక్స్‌లో ఒకే చోట ఉన్న పొక్కులన్నీ ఒకే ఈడువి. ముంజేతి మీద చీముపొక్కులుంటే అన్నీ చీముపొక్కులే.

చోటు కూడా చూడాలి. ఆటలమ్మ పొట్ట, వీపు, ఛాతీ మీద గుంపుగా ఉంటుంది, కాళ్లూ చేతుల వైపు పోయేకొద్దీ పలచబడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో రావడం తక్కువ. ఎంపాక్స్ దీనికి తిరగేసిన లెక్క. ముఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ గట్టి పొక్కులు లేస్తాయి.

ఇంతవరకూ చెప్పింది కాంగోలో 1970లో మనిషిలో తొలిసారి గుర్తించినప్పటి నుంచి డాక్టర్లు నేర్చుకున్న పాఠం. 2022లో జబ్బు ప్రపంచమంతా పాకినప్పుడు ఈ పాఠం సగం తప్పింది. ఆ ఏడాది 16 దేశాల్లోని 528 మంది రోగుల వివరాలు ఒక వైద్యపత్రికలో వచ్చాయి. అందులో దాదాపు మూడింట రెండువంతుల మందికి పది పొక్కులు కూడా లేవు. పదిమందిలో ఒకరికి జననాంగం మీద ఒకే ఒక్క పుండు. చాలామందికి పొక్కులు జననాంగాల దగ్గరో, మలద్వారం దగ్గరో మొదలయ్యాయి. కొందరికి ముందు జ్వరమే రాలేదు, కొందరిలో వేర్వేరు ఈడు పొక్కులు పక్కపక్కనే కనిపించాయి. అలాంటి పుండును చూసి సుఖవ్యాధి అనుకుని మందు వాడినవాళ్లున్నారు, సెగగడ్డ అనుకుని ఊరుకున్నవాళ్లూ ఉన్నారు.

పొక్కు ఎక్కడ లేచిందన్నది వైరస్ ఏ దారిన వచ్చిందో చెబుతుంది. రోగి పొక్కు మీది వైరస్ ఎదుటివారి చర్మంలోని కంటికి ఆనని గీతలోకో, నోటి లోపలి, జననాంగాల మెత్తని పొరలోకో చేరాలి, అక్కడే తొలి పుండు లేస్తుంది. అందుకే ఈ జబ్బుకు ఒళ్లూ ఒళ్లూ తగలడమే పెద్ద దారి. లైంగిక కలయిక, ముద్దు, ఒకే పక్క మీద పడుకోవడం, ఒంటికి మందు రాయడం, చంటిబిడ్డను ఎత్తుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. 2022లో ఎక్కువగా పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల్లో పాకింది కాబట్టి అది వాళ్ల జబ్బేనని కొందరు తేల్చేశారు. తూర్పు కాంగోలో 2023 నుంచి విజృంభించిన రకం ఆ మాటను కొట్టిపారేసింది. అది ఆడామగా మధ్య పాకింది, ఇళ్లలో పిల్లలకూ సోకింది. వైరస్‌కు కావలసింది దగ్గరగా ఉన్న చర్మం, ఎవరిదన్నది దానికి అనవసరం.

గాలి సంగతి? మొహంలో మొహం పెట్టి చాలాసేపు గడిపితే తుంపర్ల వల్ల రావచ్చు. కానీ ఆటలమ్మలా గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు ఎగిరిపోయే రకం కాదు. ఇంట్లో ఒకరికి ఆటలమ్మ పోస్తే, అంతకుముందు రానివాళ్లలో, టీకా వేయించుకోనివాళ్లలో పదికి తొమ్మిది మందికి వస్తుంది. ఎంపాక్స్ ఉన్నవాళ్లు ప్రయాణించిన విమానాల్లో తోటి ప్రయాణికులను వెయ్యిమందికి పైగా అమెరికా ఆరోగ్యశాఖ వెతికి పట్టుకుని గమనిస్తే, ఒక్కరికైనా విమానంలో సోకినట్టు తేలలేదు.

మన ఇళ్లలో అలవాటుగా పొరబాటు జరిగే చోటు పెచ్చు దగ్గర. ఆటలమ్మలో పొక్కులన్నీ పెచ్చు కట్టాయంటే అంటు తీరినట్టే. వేపాకు, పసుపు వేసి తలస్నానం పోయించి పిల్లాణ్ని మళ్లీ బడికి పంపుతారు, తప్పేం లేదు. ఎంపాక్స్‌లో పెచ్చులోనూ బతికున్న వైరస్ ఉంటుంది. చివరి పెచ్చు కూడా రాలి, కింద కొత్త చర్మం వచ్చేదాకా అంటు పోదు. పక్కబట్టలు దులిపితే ఆ పెచ్చుల పొడి లేస్తుంది, చీపురుతో ఊడిస్తే గదంతా పరుచుకుంటుంది. రోగి దుప్పటిని దులపకుండా అలాగే మడిచి సబ్బునీళ్లలో వేయాలి, నేలను తడిగుడ్డతో తుడవాలి. టవల్, రేజరు, పక్క ఎవరితోనూ పంచుకోకూడదు. వాడేసిన వేపమండలతో ఇంకొకరి ఒళ్లు నిమరకూడదు.

ఇంత చూసినా కళ్లను పూర్తిగా నమ్మలేం. కాంగోలో ఒకే మనిషిలో రెండు వైరస్‌లూ దొరికిన సందర్భాలు కొద్దిగా కావు. అందుకే చివరిమాట పీసీఆర్ పరీక్షదే. పొక్కు పైభాగాన్ని దూదిపుల్లతో గట్టిగా రుద్దో, పెచ్చు తీసో పంపుతారు. రక్తపరీక్ష ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే వైరస్ ఎక్కువగా ఉండేది పొక్కులోనే. ఏ జబ్బో తేలడం మందుకూ ముఖ్యం. ఆటలమ్మకు పనిచేసే ఎసైక్లోవిర్ ఎంపాక్స్ మీద పనిచేయదు.

చాలామందికి ఎంపాక్స్ దానంతటదే తగ్గుతుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు, చికిత్స లేని హెచ్ఐవీ ఉన్నవారికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి విదేశం నుంచి వచ్చాకనో, కొత్త లైంగిక సంబంధం తర్వాతనో మూడు వారాల్లోపు ఎక్కడైనా గట్టి పొక్కు లేచినా, గజ్జల్లో బిళ్ల కట్టినా దాచకండి. ఆ చోటు బట్టతో కప్పుకుని, మాస్కు పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లొచ్చారో, ఎవరితో దగ్గరగా ఉన్నారో డాక్టరు అడగకముందే చెప్పండి. పొక్కు చెప్పలేని సగం సంగతి మీరే చెప్పాలి.