తెల్లారేసరికి చేపలు తేలకుండా

ఎండాకాలంలో చేపల చెరువుకు గండం మిట్టమధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. నీటిని ఆకుపచ్చగా ఉంచే ప్లాంక్టాన్ పగలు ఎండలో ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. చీకటి పడగానే ఆ పని ఆగిపోతుంది. చేపలు, అడుగు బురద, ప్లాంక్టాన్ కూడా రాత్రంతా దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 35 డిగ్రీల దగ్గర 7 లోపే. అదే వేడికి చేపల అవసరం మాత్రం పెరుగుతుంది.

బొచ్చె, శీలావతి వంటి చేపలకు 5 మిల్లీగ్రాములు ఉంటే హాయి. 3 కంటే తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది.

తెల్లవారుజామున ఎంత మిగులుతుందో ముందు రాత్రే అంచనా కట్టవచ్చు. అరెకరం చెరువులో సాయంత్రం 6 గంటలకు మీటరు 8 చూపించింది, 8 గంటలకు 7 చూపించింది అనుకుందాం. అంటే గంటకు అర మిల్లీగ్రాము తరుగుతోంది. ఈ లెక్కన రాత్రి 2 గంటలకు 4, తెల్లవారి 6 గంటలకు 2 మిగులుతుంది. కాబట్టి 2 గంటలకే ఏరేటర్ వేసి, ఎండ బాగా వచ్చేదాకా తిప్పాలి. ఏరేటర్ లేకపోతే మోటారుతో చెరువు నీటినే తోడి, ఎత్తునుంచి చిమ్మేలా మళ్లీ చెరువులోకి వదలాలి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ కనుక దాన్ని కూడా చిమ్ముతూనే వదలాలి.

మీటరు లేనివారు చేతిని నిటారుగా నీటిలో ముంచి చూడాలి. మోచేయి మునగకముందే అరచేయి కనబడకుండా పోతే ప్లాంక్టాన్ మితిమీరినట్టే. అలాంటి చెరువుకు మబ్బు పట్టిన రోజు మరీ ప్రమాదం. ఎండల మధ్య హఠాత్తుగా వాన పడితే అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీరు పైకి కలిసిపోతుంది. ఆ రాత్రి కాపలా తప్పదు.

ఇక మేత. చేప తిన్నది అరిగించుకోవడానికి ఆక్సిజన్ ఎక్కువ వాడుతుంది. తినకుండా మిగిలిన తవుడు, చెక్క కుళ్లేటప్పుడూ అదే ఖర్చు. అర కిలో చేపలు వెయ్యి ఉంటే వాటి బరువు 500 కిలోలు. బరువులో 2 శాతం చొప్పున రోజుకు 10 కిలోల మేత పెడుతున్నామనుకుంటే, తీవ్రమైన ఎండల్లో సగానికి తగ్గించాలి. మబ్బు పట్టినా, సంచుల్లో మేత మిగిలినా ఆ రోజు పూర్తిగా ఆపాలి. ఎండెక్కి, ఆక్సిజన్ కోలుకున్నాకే మేత కట్టాలి. సాయంత్రం మేత వద్దు. నీటిమట్టం ఐదారు అడుగులు ఉంటే అడుగు నీరు అంతగా వేడెక్కదు.

తెల్లవారుజామున చేపలు గుంపుగా పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే అది ఆక్సిజన్ కొరత. ఒక్క రాత్రిలో, ముందు పెద్ద చేపలే చస్తే కారణం చాలావరకు ఇదే. రోగమనుకుని మందు చల్లితే ఆ కాస్త సమయమూ పోతుంది. ముందు మేత ఆపండి, నీటిని కదిలించండి.