బాణీలు ఎన్నో లెక్కపెడితే చాలు

సంగీత పరీక్షలో ‘టెక్స్‌చర్’ ప్రశ్న వస్తే ముందు లెక్కపెట్టాల్సింది వాద్యాలను కాదు, విడివిడిగా నడిచే బాణీలను. వందమంది కలిసి ఒకే బాణీ పాడినా అది మోనోఫొనీయే. గ్రెగోరియన్ చాంట్ ఇందుకు ఉదాహరణ. ఒక బాణీ ముందుండి, గిటార్ కార్డ్స్ దానికి ఆసరాగా నిలిస్తే హోమోఫొనీ. బాఖ్ ఫ్యూగ్‌లో సమాన ప్రాధాన్యం ఉన్న బాణీలు ఒకదాని తర్వాత ఒకటి ప్రవేశించి, దేని దారిన అది సాగుతాయి. అది పాలిఫొనీ.

విద్యార్థులు తడబడేది హెటరోఫొనీ దగ్గరే. కర్ణాటక కచేరీలో గాయని కీర్తన పాడుతుంటే, వయొలిన్ అదే బాణీని కాస్త వేరే గమకాలతో, లిప్తపాటు వెనకగా అనుసరిస్తుంది. వినిపించేవి రెండు ధ్వనులైనా బాణీ ఒక్కటే కాబట్టి పాలిఫొనీ అనకూడదు.

జవాబులో పేరుతోపాటు కారణమూ రాయాలి: “గాత్రం, వయొలిన్ ఒకే బాణీని ఏకకాలంలో చిన్న తేడాలతో పలికిస్తున్నాయి, అందుకే హెటరోఫొనీ.”