మార్చి ఖర్చు మే నెలలో తేలితే

ఏప్రిల్ వచ్చిందంటే బ్రాంచీలున్న కంపెనీల్లో హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వెళ్తుంది. అన్ని బ్రాంచీల లెక్కలూ కలిపేలోగా షీట్లలో తేదీలు, మొత్తాలు ఒకే పద్ధతిలోకి మార్చి పంపమని ఫైనాన్స్ మేనేజర్ అందులో అడుగుతారు. బ్రాంచిలో అకౌంట్స్ చూసేవారికి అది చాదస్తంలా కనిపిస్తుంది. అంకె సరిగ్గా ఉన్నాక రాసే తీరుతో పనేమిటంటారు.

పని ఉంది. ఒక బ్రాంచిలో మార్చి 5న లారీ కిరాయి ఇచ్చారనుకుందాం. గుమస్తా ఎక్సెల్‌లో 05/03/2025 అని కొట్టాడు. ఆ కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. కాబట్టి ఎక్సెల్ దాన్ని మే 3గా దాచుకుంది. గుమస్తా తెరమీద 5/3/2025 అనే కనబడుతుంది కనుక అతనికి అనుమానం రాదు. అదే ఫైలు భారత సెట్టింగ్ ఉన్న హెడ్డాఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే 03-05-2025 అని చూపిస్తుంది. మార్చి 31తో ముగిసిన సంవత్సరంలో పడాల్సిన ఖర్చు కొత్త సంవత్సరంలోకి జారిపోయింది. ఫోన్‌లో ఇద్దరూ వాదించుకుంటారు, ఇద్దరూ చూస్తున్నది నిజమే!

అదే గుమస్తా 31/03/2025 కొడితే ముప్పై ఒకటో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, మామూలు అక్షరాలుగా ఎడమవైపు వదిలేస్తుంది. ఇది కంటికి ఆనుతుంది. తిప్పలు తెచ్చేవి పన్నెండో తారీఖు లోపువే.

మొత్తాల దగ్గర మరో చిక్కు. మూడు గడుల్లో 1,20,000, ‘85000 రూ.’, 45,000 ఉంటే, SUM మధ్యదాన్ని లెక్కలోకి తీసుకోదు. రావాల్సింది 2,50,000, వచ్చేది 1,65,000. తప్పని ఎక్కడా చెప్పదు. మొత్తాలు C2 నుంచి C41 వరకు ఉన్నాయనుకుంటే, ఈ ఒక్క సూత్రంతో పట్టుకోవచ్చు:

```
=COUNTA(C2:C41)-COUNT(C2:C41)
```

సున్నా వస్తే అన్నీ అంకెలే. రెండు వస్తే రెండు గడుల్లో ఇంకేదో ఉంది.

అందుకే ‘డేటా సరిచేసి పంపండి’ అని ఊరుకునే ఉత్తరం వల్ల ప్రయోజనం లేదు. పనికొచ్చే ఉత్తరం ఇలా ఉంటుంది: ‘తేదీని 05-Mar-2025 అని నెల పేరుతో కొట్టండి. మొత్తం గడిలో అంకె తప్ప రూ., లక్షలు రాయకండి. పై సూత్రానికి సున్నా వచ్చాకే పంపండి. తారుమారైన తేదీల్ని వోచర్లతో పోల్చి దిద్దండి.’

చివరి మాట మేనేజర్లు తరచూ మరిచిపోతారు. తిరగబడిన తేదీ కూడా చెల్లుబాటయ్యే తేదీయే కాబట్టి గడి ఫార్మాట్ మార్చినంత మాత్రాన అది సరికాదు. వోచర్లు ఉండేది బ్రాంచిలో. ఆ పని హెడ్డాఫీసులో కూర్చుని చేయడం కుదరదు.